తెల్లబట్ట రోజుకో రకంగా ఎందుకుంటుంది?

"నాకు 22 ఏళ్లు. తెల్లబట్ట కొన్నిరోజులు లోషన్‌లా, కొన్నిరోజులు గుడ్డు తెల్లసొనలా సాగుతూ, కొన్నిరోజులు జిగురులా అవుతోంది. దురద, వాసన ఏమీ లేవు. వేడి చేసిందని అమ్మ సబ్జా నీళ్లు ఇస్తోంది. ఇదేమన్నా జబ్బా?"

మీరు రాసినదాన్ని బట్టి జబ్బులా లేదు. మీ వయసులో నేనూ ఇలాగే భయపడి, మందుల షాపులో ఏదో క్రీమ్ అడిగి తెచ్చి రాసుకున్నాను. లేని మంట కొత్తగా మొదలైంది. చివరికి ఒక లేడీ డాక్టర్ పరీక్ష చేసి ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదన్నారు. నాలుగు నెలలపాటు ఏ రోజు ఎలా ఉందో క్యాలెండర్‌లో ఒక్క ముక్క రాసి పెట్టుకోమన్నారు. డేట్ వచ్చిన రోజే 1వ రోజు.

మొదటి నెల నా లెక్క ఇది. 5 రోజులు బ్లీడింగ్. 6 నుంచి 8 దాకా దాదాపు పొడి. 9వ రోజు నుంచి కొంచెం జిగురు, ఆరిపోతున్న మైదా జిగురులాగా. వేళ్ల మధ్య పెట్టి లాగితే పుటుక్కున తెగేది. 12 నుంచి తెల్లగా, మెత్తగా, చేతికి రాసుకునే లోషన్‌లా. 15వ రోజు బాత్రూంలో తుడుచుకుంటే టిష్యూ జారిపోయింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లాగితే రెండంగుళాలు సాగింది, అద్దంలా తేటగా. 17 దాకా అంతే. 18న మాత్రం ఎవరో కుళాయి కట్టేసినట్టు మళ్లీ జిగురు, ఆ తర్వాత కొన్నాళ్లు పొడి, కొన్నాళ్లు కాస్త తెల్లగా. 31 రోజులు పూర్తయిన మర్నాడు డేట్ వచ్చింది.

ఇదంతా ఎక్కువగా గర్భాశయ ముఖద్వారం దగ్గర తయారయ్యే ద్రవం. అండం పెరుగుతున్నకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, దాంతో ఈ ద్రవంలో నీరు ఎక్కువై పలచబడి సాగుతుంది. వీర్యకణాలు లోపలికి ఈదుకుంటూ పోవడానికి అది దారి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వస్తుంది, ద్రవం చిక్కబడి ఆ దారికి బిరడా పడుతుంది. 18న నేను చూసిన మార్పు అదే. సాగే తేమ కనిపించిన ఆఖరి రోజుకు అటూ ఇటూ ఒకట్రెండు రోజుల్లో అండం విడుదలవుతుంది.

14వ రోజే అండం విడుదలవుతుందని అందరూ అంటారు కదా, నాకు అలా కాలేదు. మూడో నెల ఇంకా తమాషా. మొదటి వారంలో గట్టిగా జ్వరం వచ్చింది. 14వ రోజుకు కాస్త సాగింది, రెండు రోజులకే పోయింది. మళ్లీ 22న మొదలై 24 దాకా ఉంది. 38 రోజులు గడిచాక గానీ డేట్ రాలేదు. ఇంట్లో కంగారుపడ్డారు, నేను పడలేదు. మొదటి నెలలో 17 తర్వాత 14 రోజులు, ఈ నెలలోనూ 24 తర్వాత 14 రోజులే. చాలామందిలో ఆలస్యం అండం విడుదలకు ముందు జరుగుతుంది, తర్వాతి భాగం పెద్దగా మారదు. మీకు అది 12 కావచ్చు, 13 కావచ్చు. పీసీఓఎస్ ఉన్నవాళ్లకు మాత్రం అండం విడుదల కాకుండానే సాగే తేమ వచ్చిపోతూ ఉండొచ్చు కాబట్టి ఈ లెక్క కుదరకపోవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా అంతే, ఈ మార్పులు సరిగ్గా కనిపించవు.

పెళ్లయినవాళ్లకు ఒక మాట. వీర్యం కూడా జారుడుగానే ఉంటుంది కాబట్టి కలిసిన మర్నాడు చూసింది లెక్కలోకి రాదు. సాగే తేమలో వీర్యకణాలు 5 రోజుల దాకా బతకగలవు, అందుకని ఒకట్రెండు నెలలు చూసి "ఇవాళ ఫర్వాలేదు" అనుకోకండి. నాకు తెలిసినావిడ అలా అనుకునే రెండో బిడ్డను కన్నది.

డ్రాయర్ మీద ఆరాక లేత పసుపుగా కనిపించడం, నల్లబట్ట అక్కడక్కడా వెలిసిపోవడం మామూలే, అది ఆమ్లగుణం వల్ల. సబ్జా నీళ్లు తాగితే తాగండి, దీనికి మాత్రం సంబంధం లేదు. లోపల సబ్బుతో కడగొద్దు.

విరిగిన పాలలా ముద్దలు వచ్చి దురదపెడితే ఫంగస్ కావచ్చు. పలచగా బూడిదరంగులో చేపల వాసన వేస్తే అది వేరే ఇన్‌ఫెక్షన్. ఆకుపచ్చ, నురగ, మూత్రం పోసేటప్పుడు మంట, పొత్తికడుపులో నొప్పి, డేట్ కానప్పుడు రక్తం, వీటిలో ఏది కనిపించినా నాలాగా షాపుకు పోకుండా డాక్టర్‌కే చూపించుకోండి. క్యాలెండర్ కూడా తీసుకెళ్లండి, నన్ను వాళ్లు మొదట అడిగింది అదే.