ఆ ఖాళీలో ‘మనం’ ఎందుకు కుదరదు?

సందేహం: మా పాప ఏడో తరగతి. పేరాలో ఖాళీలు పూరించమంటే ‘పోయిన ఆదివారం ____ తోటకు వెళ్లాం’ అన్నచోట ‘మనం’ అని రాసింది. తప్పని కొట్టేశారు. ‘మనం వెళ్లాం’ అంటే తప్పేముంది? పేరా కూడా పంపుతున్నాను.

సమాధానం: ఆ ఒక్క వాక్యమే ఇచ్చి ఉంటే తప్పేమీ లేదు. ‘వెళ్లాం’ అనే క్రియ ‘మేము’కీ ‘మనం’కీ కూడా సరిపోతుంది. వింటున్నవాళ్లను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఎవరితో మాట్లాడుతున్నారో, ఆ మనిషి ఆ రోజు తోటలో ఉన్నారో లేదో పక్క వాక్యాలు చూస్తేనే తెలుస్తుంది. మీరు పంపిన పేరా చూడండి:

“పెద్దమ్మా, పోయిన ఆదివారం (1)____ తోటకు వెళ్లాం. చెట్ల నిండా కాయలే. నువ్వూ ఉంటే ఎంత బాగుండేదో! వచ్చే వారం నువ్వు రాగానే (2)____ కలిసి కోద్దాం. నీకు పుల్లటి కాయలంటే ఇష్టమని నాన్నకు తెలుసు. (3)____ పండేదాకా ఆగొద్దన్నాడు.”

‘నువ్వూ ఉంటే’ అన్న మాటతో పెద్దమ్మ ఆ రోజు రాలేదని తేలిపోయింది. కాబట్టి మొదటి ఖాళీలో ‘మేము’ మాత్రమే కుదురుతుంది. ఈ ఆధారం ఖాళీ దాటాక రెండు వాక్యాల తర్వాత వచ్చింది. పిల్లలు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఖాళీ కనబడగానే పూరించేసి ముందుకు వెళ్తారు, మళ్లీ వెనక్కి రారు. పైగా ఇంగ్లీషులో రెండింటికీ ‘వి’ ఒక్కటే కావడంతో, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఈ తేడా తట్టడం ఇంకాస్త కష్టం.

రెండో ఖాళీకి పక్క వాక్యాలతో పనిలేదు. ‘కోద్దాం’ అన్నామంటే వింటున్న మనిషిని కూడా రమ్మంటున్నట్టే, అందుకని అక్కడ ‘మనం’ తప్ప మరొకటి పట్టదు. అదే ‘కోస్తాం’ అని ఉంటే మళ్లీ రెండూ కుదిరేవి.

మూడో ఖాళీకి మాత్రం అటూ ఇటూ ఉన్న రెండు వాక్యాలూ కావాలి. పులుపు ఇష్టం, పండేదాకా ఆగొద్దన్నాడు. మొదటిది కారణం, రెండోది ఫలితం. కాబట్టి ‘అందుకే’. చివర ‘ఆగమన్నాడు’ అని ఒక్క మాట మార్చి చూడండి, అదే ఖాళీలో ‘అయినా’ రాయాల్సి వస్తుంది.

పాపతో ముందు పేరా మొత్తం చివరిదాకా చదివించండి, తర్వాతే పెన్ను పట్టమనండి. రాశాక ‘మనం తోటకు వెళ్లాం, నువ్వూ ఉంటే ఎంత బాగుండేదో’ అని పైకి చదివిస్తే, తేడా తన చెవికే తెలుస్తుంది.

ఒక్క మాట టీచర్లకు కూడా. ‘నువ్వూ ఉంటే’ వాక్యం ఆ పేరాలో లేకపోతే, ‘మనం’ అని రాసిన పాపకు మార్కు ఇవ్వాల్సిందే.