మూసి ఉంచిన ఇల్లు తెరుస్తున్నారా? ముందు ఎలుక జాడ చూడండి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. సంక్రాంతి అయ్యాక ఇంటికి తాళం వేసి అమ్మానాన్నలను హైదరాబాద్ తీసుకొచ్చేశాను. ఇప్పుడు కార్తీక మాసంలో ఊరెళ్లి ఇక అక్కడే ఉంటామంటున్నారు. వానాకాలమంతా ఇల్లు మూసే ఉంది. పెరటి గుమ్మం దగ్గర పాము కుబుసం కనిపించిందని పక్కింటివాళ్లు ఫోన్ చేశారు. నాన్నకు 66 ఏళ్లు, క్రియాటినిన్ 1.8 ఉంది. అమ్మకు ఆయాసం, ఇన్‌హేలర్ వాడుతుంది. ఫినాయిల్ వేసి కడిగించేస్తే సరిపోతుందా డాక్టర్ గారూ?
– ఒక పాఠకుడు

జవాబు: సరిపోదు. పైగా తలుపు తీయగానే చీపురు పట్టి ఊడ్చి, బకెట్లతో నీళ్లు కొట్టి కడగడమే మీ ఇంట్లో అన్నిటికన్నా ప్రమాదమైన పని కావచ్చు. అదెందుకో చెబుతాను.

కుబుసం మాట విన్నాక మీ దృష్టంతా పాము మీదే ఉంటుంది. నేను మాత్రం ఎలుకల గురించి అడుగుతాను. మూసిన ఇంట్లోకి పాము వచ్చేది ఎక్కువగా ఎలుకల కోసమే, ఉండేది కూడా తరచుగా ఎలుక తవ్విన కన్నంలోనే. స్క్రబ్ టైఫస్ జ్వరం తెచ్చే నల్లికన్నా చిన్న పురుగులు ఎలుకల మీద బతుకుతాయి. లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం ఎలుక మూత్రంతో వస్తుంది. కాబట్టి ఇంట్లో ఎలుకలు ఇప్పుడు కాపురం ఉన్నాయా, లేక ఎప్పుడో వచ్చి పోయాయా అన్నది తేలితే మిగతా పనులు ఏ క్రమంలో చేయాలో తెలుస్తుంది.

అమ్మానాన్నలను రెండు మూడు రోజులు బంధువుల ఇంట్లో ఉంచి, ముందు మీరు వెళ్లండి. పొద్దున్న పూట వెళ్లండి. మోకాళ్ల దాకా వచ్చే గంబూట్లు, ఫుల్ ప్యాంటు, రబ్బరు గ్లౌజులు, ఎన్95 మాస్కు ఉండాలి. తాళం తీసేముందు తలుపు మీద కర్రతో నాలుగు దెబ్బలు కొట్టి, గడపనూ ద్వారబంధం పైభాగాన్నీ టార్చితో చూడండి. తేళ్లు, కందిరీగల గూళ్లు అక్కడే ఉంటాయి. లోపల స్విచ్ వేయొద్దు. ఎలుకలు వైర్లతో పాటు గ్యాస్ గొట్టాన్నీ కొరుకుతాయి. గ్యాస్ వాసన ఉందేమో చూసుకుని, తలుపులు, కిటికీలు బార్లా తీసి, ఓ అరగంట బయట కూర్చోండి.

తర్వాత పెంటికల కోసం వెతకండి. బియ్యం డబ్బా వెనక, పొయ్యి గట్టు కింద, ఫ్రిజ్ మోటారు దగ్గర, అటక మీద, గోడ మూలల వెంబడి చూడండి. మీ వైపు ఇళ్లలో కొబ్బరికాయలు, డొక్కలు పోసే గది ఉంటుంది కదా, అక్కడ తప్పక చూడండి. పెద్ద ఎలుక పెంటిక ఒకటి ఒకటిన్నర సెంటీమీటరు పొడవుంటుంది. చిట్టెలుకది వడ్లగింజకన్నా చిన్నది. ఒక చివర తెల్లటి మొన ఉంటే అది బల్లిది, కంగారు పడక్కర్లేదు. నల్లగా నిగనిగలాడుతూ పుల్లతో నొక్కితే మెత్తగా ఉంటే తాజాది. బూడిదరంగుకు తిరిగి పొడిపొడిగా రాలిపోతే పాతది.

అయినా అనుమానం తీరకపోతే ఆ సాయంత్రం గోడల వెంబడి, గుమ్మాల దగ్గర ముగ్గుపిండి పలచగా చల్లి, తాళం వేసి వచ్చేయండి. పొద్దున్న కాలిముద్రలు, వాటి మధ్య తోక ఈడ్చిన గీత కనిపిస్తే ఎలుకలు ఉన్నట్టే. పాము పాకినా ఆ పిండిలో జాడ పడుతుంది. పిండి చెక్కుచెదరకుండా వరసగా రెండు రాత్రులు ఉంటే నిశ్చింతగా పని మొదలుపెట్టొచ్చు. ఎలుకలు ఉంటే ముందు బోన్లు పెట్టండి. ఎలుకల మందు పేస్టు మాత్రం వద్దు. అందులో కొన్నిటిలో ఉండే పసుపు భాస్వరం మనుషుల కాలేయాన్ని పాడుచేసి ప్రాణం తీస్తుంది. ఇంట్లోకి పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. పైగా మందు తిన్న ఎలుక ఏ అటక మూలో చచ్చి పడి ఉంటుంది.

ఇక శుభ్రం చేయడం. లెప్టోస్పైరా బ్యాక్టీరియా పూర్తిగా ఎండిన చోట ఎక్కువసేపు బతకదు. తడిలో మాత్రం వారాల తరబడి బతుకుతుంది. మీ ఇల్లు వానాకాలమంతా చెమ్మగా ఉంది. మనవాళ్లు ఇల్లు కడిగేది ఉత్త కాళ్లతో. ఎలుక మూత్రం కలిసిన నీళ్లు పగిలిన మడమల్లోంచి, చిన్న గీరుడులోంచి కూడా లోపలికి పోగలవు. పొడిగా ఊడిస్తే మరో బాధ. ఆ దుమ్మంతా లేచి గంటల తరబడి గాల్లో ఉండి ఆయాసం ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. అందుకే ముందు మందునీళ్లతో తడిపి, ఆ తర్వాత తీయాలి.

లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున కలపండి. పది లీటర్ల బకెట్‌కు 150 గ్రాములు అవుతుంది. కొత్త ప్యాకెట్ కొనండి, మూత తీసి ఉంచిన పాత పౌడర్‌కు ఘాటు, బలం రెండూ పోతాయి. పెంటికలు, మరకలు, గూడు కట్టిన గుడ్డపీలికలు బాగా తడిసేలా మెల్లగా పోసి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత పాత గుడ్డతో లేదా కాగితంతో ఎత్తి, కవర్లో మూటకట్టి పాతిపెట్టండి. చచ్చిన ఎలుకనూ ఇలాగే తీయాలి. ఆ తర్వాత గంబూట్లతోనే నేల కడగండి. బ్లీచింగ్ వాడిన రోజు బాత్‌రూమ్ యాసిడ్ ఎక్కడా వాడొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన బాత్‌రూమ్‌లో ఆ గాలి పీల్చి ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. ఎలుక తడిపిన దూది పరుపును ఎండబెట్టి వాడుకుందామని చూడొద్దు, పారేయండి.

ఈ జ్వరం ఎలా మొదలవుతుందో తెలియడానికి ఒక కేసు చెబుతాను. ఊళ్లో ఇల్లు తెరిచి ధాన్యం గది ఉత్త కాళ్లతో కడిగిన ఒక నడివయసు ఆయనకు వారం పది రోజులకు చలిజ్వరం వచ్చింది. పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి. కళ్లు ఎర్రబడ్డాయి, పుసి మాత్రం లేదు. ప్రయాణం అలసట అనుకుని ఊళ్లోనే నొప్పుల ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. మూడో రోజుకు మూత్రం తగ్గింది, కళ్లు పసుపెక్కాయి. మా దగ్గరికి వచ్చేసరికి క్రియాటినిన్ నాలుగు దాటింది. లెప్టోస్పైరోసిస్ అని తేలింది. పెన్సిలిన్ ఇంజెక్షన్లతో, సెలైన్‌తో డయాలసిస్ దాకా పోకుండానే కోలుకున్నాడు. ఆ జబ్బు ఒకవైపు, నొప్పి మందులు ఇంకోవైపు కిడ్నీలను దెబ్బతీశాయి. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1.8 క్రియాటినిన్‌తో ఉన్న నాన్నగారిని ఈ శుభ్రం పనికి దగ్గరికే రానివ్వొద్దు.

పాము విషయానికి వద్దాం. కుబుసం దొరికిందంటే అది అక్కడ తిరిగిందని మాత్రమే అర్థం, ఇంకా ఉందని కాదు. విడిచిన కుబుసం సాగుతుంది కాబట్టి దాన్ని బట్టి పాము పొడవు అంచనా వేయలేం. ఫినాయిల్, వెల్లుల్లి, కిరోసిన్ చల్లితే పాములు రావన్నది ఉత్త నమ్మకం. రాకుండా చేసేది కన్నాలు మూయడమే. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, నీళ్లు పోయే తూములకు సన్నకన్ను ఇనుప వల, గోడ కన్నాలకు సిమెంటు. అయితే పిండి పరీక్ష అయ్యాకే కన్నాలు మూయండి, లేకపోతే లోపలున్నది లోపలే ఉండిపోతుంది. పాము కంటపడితే దూరం నుంచి గమనిస్తూ ఉండి, పాములు పట్టేవాళ్లకో అటవీ శాఖకో కబురు చేయండి. మీరు కర్ర పట్టుకోవద్దు.

నాకు ఎక్కువ భయం కట్లపాముతో. అది రాత్రి తిరిగే పాము, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలో కాటేస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, గుటక పడకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటాయి. దాన్ని గ్యాస్ అనుకుని ఇంట్లో గడిపే గంటల్లోనే ఊపిరి కండరాలు పడిపోతాయి. కొత్తగా తెరిచిన ఇంట్లో ఎవరూ నేల మీద పడుకోవద్దు. మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కింద దోపాలి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే కాటు కోసం వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. కాలో చెయ్యో కరిస్తే దాన్ని కదలనివ్వకుండా ఉంచాలి, గట్టిగా కట్టు కట్టడం, కోయడం చేయకూడదు. పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్లు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

పెరట్లో మోకాలెత్తు గడ్డి పెరిగి ఉంటుంది. కోసేవాళ్లు ప్యాంటు చివర్లు సాక్సులోకి దోపుకోవాలి, పని అవగానే స్నానం చేసి బట్టలు ఉతకాలి. స్క్రబ్ టైఫస్ పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లని పక్కు కడుతుంది. నొప్పి ఉండదు, చంకలోనో గజ్జల్లోనో నడుము పట్టీ కిందో ఉంటుంది కాబట్టి రోగికీ తెలియదు, డాక్టర్ బట్టలు తీయించి చూడకపోతే ఆయనకీ తెలియదు.

అమ్మగారికి చెమ్మ ముఖ్యం. ఆవిడ పడుకునే గది గోడకు జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. కాగితం లోపలి వైపు తడి పడితే నీరు గోడలోంచే వస్తోంది, పైకప్పు కారుతుండాలి లేదా పునాది పీలుస్తుండాలి. పైవైపు తడి ఉంటే గాలి ఆడక వచ్చిన చెమ్మ, కిటికీలు తీసి ఫ్యాన్ వేస్తే పోతుంది. నల్లని బూజు మచ్చల మీద సున్నం వేసి కప్పేయొద్దు, నెలలోపే పైకి వస్తాయి. సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, బాగా ఎండాకే సున్నం. అప్పటిదాకా ఆవిడ వేరే గదిలో పడుకోవాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ చేసి, రుద్ది కడిగి, కుళాయిలన్నీ కాసేపు వదలాలి.

ఇల్లు శుభ్రం చేసిన తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టండి. లెప్టోస్పైరోసిస్ ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో, ఒక్కోసారి నెల దాకా కూడా బయటపడుతుంది. స్క్రబ్ టైఫస్ దాదాపు మూడు వారాల్లోపే వస్తుంది. ఈ నెలలో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా రెండో రోజుకే డాక్టర్ దగ్గరికి వెళ్లి, 'మూసిన ఇల్లు శుభ్రం చేశాం' అన్న మాట మొదటే చెప్పండి. రెండింటికీ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, అయితే తొందరగా మొదలుపెట్టాలి, డాక్టర్ రాస్తేనే వాడాలి. అప్పటిదాకా పారాసెటమాల్ తప్ప డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులు ఎవరికీ వద్దు, నాన్నగారికి అసలే వద్దు. ఊరికి బయల్దేరే ముందు ఆయనకు క్రియాటినిన్, యూరిన్ పరీక్ష ఒకసారి చేయించి ఆ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. తర్వాత జ్వరం వస్తే అక్కడి డాక్టర్ ముందు అడిగేది పాత అంకె ఎంత అనే.