సాక్ 2 రిపోర్ట్ వచ్చింది, ఇక పేరోల్ సాఫ్ట్‌వేర్ కొనేయొచ్చా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో చిన్న కంపెనీ. కొత్త క్లౌడ్ పేరోల్ సాఫ్ట్‌వేర్ తీసుకుందామనుకుంటున్నాం. వెండర్ తన డేటా భద్రతా ఏర్పాట్లని బయటి ఆడిటర్ పరీక్షించి ఇచ్చిన సాక్ 2 టైప్ 2 రిపోర్ట్ పంపించాడు. ఇది చాలా, ఇంకేమైనా చూడాలా?

జవాబు: చాలదండీ. ముందు రిపోర్ట్‌లో సిస్టమ్ డిస్క్రిప్షన్ అనే భాగం తీయండి, మామూలుగా మూడో సెక్షన్‌లో ఉంటుంది. మీరు కొనే మాడ్యూల్ అందులో ఉందో లేదో చూడండి. పోయినేడాది మాదాపూర్‌లో మా ఆఫీసుకి ఇలాంటిదే చూస్తున్నప్పుడు ఆడిటర్ అభిప్రాయంలో ఏ మచ్చా లేదు, కానీ డిస్క్రిప్షన్ అంతా లీవులు, అటెండెన్స్ గురించే. గట్టిగా అడిగితే తేలిందేంటంటే, పేరోల్ మాడ్యూల్ వాళ్లు ఇంకో చిన్న కంపెనీని కొని కలుపుకున్నదట, వేరే క్లౌడ్ అకౌంట్‌లో నడుస్తోందట, ఆడిట్ దాని జోలికే వెళ్లలేదు. మా వాళ్ల పాన్, బ్యాంక్ అకౌంట్ నంబర్లు ఉండేది సరిగ్గా అక్కడే!

తర్వాత నాలుగో సెక్షన్‌లో టెస్టుల ఫలితాలుంటాయి. ఉద్యోగం మానేసినవాళ్ల యాక్సెస్ ఆలస్యంగా తీసేశారు లాంటి ఎక్సెప్షన్లు అక్కడ బయటపడతాయి. ఒకటీ రెండూ ఉంటే నేను భయపడను, దానికి వెండర్ రాసిన జవాబులో ఏం సరిచేశారో లేకపోతే మాత్రం ఆగుతాను.

డేటా ఎటు పోతుందో తెలియాలంటే వాళ్ల రెడీమేడ్ బొమ్మ తీసుకోకండి. ఒక్క పేస్లిప్ తయారైన దగ్గర్నుంచి బ్యాకప్‌లో కూడా డిలీట్ అయ్యేదాకా ఎక్కడెక్కడ తిరుగుతుందో వాళ్ల ఇంజినీర్‌ని కాల్‌లో కూర్చోబెట్టి చెప్పమనండి. మేం అలా అడిగితేనే సపోర్ట్ టికెట్ల టూల్ బయటికొచ్చింది. జీతం తప్పుపడితే మన హెచ్‌ఆర్ వాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టేది అందులోనే కదా, ఆ టూల్ కంపెనీ పేరు వాళ్లిచ్చిన సబ్‌ప్రాసెసర్ల లిస్టులో, అంటే వాళ్ల తరఫున మన డేటా ముట్టుకునే బయటి కంపెనీల లిస్టులో, లేదు.

ఇక కాంట్రాక్ట్. డేటా లీకైతే "నిర్ధారించుకున్న 72 గంటల్లో" చెప్తామని రాశారు. నిర్ధారణకి గడువే లేదు కాబట్టి విచారణ నెల సాగినా వాళ్లు తప్పు చేసినట్టు కాదు. మనకేమో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం తెలిసిన 6 గంటల్లో రిపోర్ట్ చేయాలి, పైగా వ్యక్తిగత డేటా రక్షణ కోసం వచ్చిన 2023 డీపీడీపీ చట్టం మన తరఫున వెండర్ చేసే ప్రాసెసింగ్‌కి కూడా బాధ్యత మన మీదే పెట్టింది. చాలా బేరమాడాక అనుమానం వచ్చినప్పటి నుంచి 24 గంటలకి ఒప్పుకున్నారు. పేరోల్‌ని తర్వాతి ఆడిట్‌లో చేర్చాలని, చేర్చకపోతే మిగిలిన డబ్బు వాపసు తీసుకుని బయటికి రావొచ్చని కూడా రాయించుకున్నాం. సేల్స్ వాళ్లు "చేర్చేస్తాం సార్" అని ఫోన్‌లో అంటే సంతకం పెట్టకండి, కాంట్రాక్ట్‌లో రాసివ్వకపోతే పేరోల్ వదిలేసి లీవ్ మాడ్యూల్ వరకే తీసుకోండి.