పిల్లలు తలల లెక్కలోకి రారా? గ్రూప్ టూర్ డిస్కౌంట్‌పై న్యాయ సలహా

ప్రశ్న: లాయర్ గారూ, మా బంధువుల్లో 9 మంది పెద్దలం, ఇద్దరు పిల్లలు కలిసి టూర్ ప్యాకేజీ బుక్ చేశాం. కొటేషన్‌లో ఇలా ఉంది: "ట్విన్ షేరింగ్‌లో పెద్దలకు ఒక్కొక్కరికి రూ.20,000, బెడ్ లేకుండా చైల్డ్ రూ.12,000, సింగిల్ రూమ్ కావాలంటే రూ.6,000 అదనం. 10 మంది, ఆపైన ఉన్న గ్రూప్‌కి ప్యాకేజీ ధరపై 10 శాతం డిస్కౌంట్. ధరలు పన్నులతో కలిపి." మా పెద్దమ్మ ఒక్కరే సింగిల్ రూమ్ తీసుకున్నారు. సగం డబ్బు కట్టాక రూ.2,10,000కు బిల్లు పంపారు. డిస్కౌంట్ ఏదని అడిగితే, "పిల్లలు లెక్కలోకి రారు, మీరు 9 మందే. అయినా తలకు 19,090 పడింది, 20,000 కంటే తగ్గిందిగా" అంటున్నారు. ప్రయాణం వచ్చే నెల. మేం రూ.21,000 తగ్గించమని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. కాకపోతే 21,000 కాదు, 20,400 అడగండి. ఆ 600 ఎందుకు వదులుకోమంటున్నానో కింద చెబుతాను.

ముందు "తలకు 19,090" సంగతి తేల్చేద్దాం. 9 మంది పెద్దలకు 1,80,000, ఇద్దరు పిల్లలకు 24,000, మీ పెద్దమ్మ గది అదనం 6,000. మొత్తం సరిగ్గా 2,10,000. అంటే ఆ బిల్లులో డిస్కౌంట్ అనేది ఒక్క రూపాయి కూడా లేదు. దాన్ని 11తో భాగిస్తే 20,000 కంటే తక్కువ రావడానికి కారణం ఒకటే: పిల్లల టికెట్ ఒక్కోటి 8,000 తక్కువ. ఇద్దరి మీద 16,000 తగ్గింది, గది అదనంతో 6,000 పెరిగింది. పిల్లల ధరలో ముందే ఉన్న తేడాను చూపించి అదే డిస్కౌంట్ అని చెప్పడం తప్పు. సగటు మీద వాదన జోలికి పోకుండా, ఒక్కొక్కరి పేరు మీద ఎంత వేశారో విడివిడిగా చూపించే బిల్లు రాతపూర్వకంగా అడగండి.

ఇక అసలు గొడవ. టూర్ కంపెనీ వాళ్లు ఇక్కడ రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు. 10 మంది అయ్యారా లేదా అని లెక్కపెట్టేటప్పుడు పిల్లలను కలుపుతారా అన్నది ఒకటి. పిల్లల టికెట్ మీద కూడా 10 శాతం తగ్గిస్తారా అన్నది రెండోది. మొదటిదానికి కాదని జవాబు వస్తే మీకు డిస్కౌంటే లేదు. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని వస్తే పెద్దల టికెట్ల మీద 18,000 వస్తుంది. రెండింటికీ అవునంటే 20,400.

మొదటిదానిలో మీ పక్షం బలంగా ఉంది. "10 మంది, ఆపైన ఉన్న గ్రూప్" అని రాశారు తప్ప 10 మంది పెద్దలని గానీ, పూర్తి ధర కట్టే 10 మందని గానీ రాయలేదు. ఏమీ కట్టని చంటిపాపను లెక్కలోంచి తీసేస్తే కొంత అర్థముంది. 12,000 కట్టి బస్సులో సీటు తీసుకునే పిల్లవాడు "మంది"లోకి రాడనడం కష్టం. పైగా ఆ వాక్యం రాసింది వాళ్లు. ఒక షరతుకు రెండు అర్థాలు వచ్చేలా ఉంటే, దాన్ని రాసినవాళ్లకు వ్యతిరేకంగా ఉన్న అర్థాన్నే తీసుకోవాలన్నది ఒప్పందాల విషయంలో కోర్టులు ఎప్పటి నుంచో పాటిస్తున్న సూత్రం.

ఇక్కడే మీరు ఒకటి సరిచూసుకోవాలి. కొటేషన్ వెనక పేజీలోనో, దాంతోపాటు పంపిన పీడీఎఫ్‌లోనో "గ్రూప్ అంటే 10 మంది పెద్దలు" లాంటి మాట ఉందేమో వెతకండి. ఉంటే, అది అడ్వాన్స్ కట్టకముందే మీ చేతికి వచ్చి ఉంటే, నా సలహా మారిపోతుంది. కేసు వేయమని చెప్పను. డబ్బు కట్టాక పంపిన షరతు అయితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, ఎందుకంటే కుదిరిన ఒప్పందాన్ని ఒక్కరే మార్చలేరు. కాబట్టి వాట్సాప్‌లో, మెయిల్‌లో ఏ కాగితం ఏ తేదీన వచ్చిందో, అడ్వాన్స్ ఏ తేదీన వెళ్లిందో పక్కపక్కన పెట్టి చూడండి. ఈ తరహా కేసుల్లో చాలాసార్లు ఆ రెండు తేదీలే ఫలితాన్ని తేలుస్తాయి.

రెండోదానిలో కూడా మాట మీవైపే ఉంది గానీ మొదటిదంత గట్టిగా కాదు. "ప్యాకేజీ ధరపై" అన్నారు. పిల్లల ధర కూడా ప్యాకేజీ ధరే. "పిల్లలకు ఇప్పటికే రాయితీ ఇచ్చాం, మళ్లీ ఇవ్వం" అని వాళ్లు వాదిస్తారు. అలా అనుకుంటే కొటేషన్‌లో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది. 20,400 అడగండి, రాజీకి వస్తే 18,000కు దిగువకు మాత్రం రాకండి.

మీ పెద్దమ్మ గది అదనం వేరే సంగతి. హోటల్ గదికి అద్దె తీసుకుంటుంది, మనిషికి కాదు. ట్విన్ షేరింగ్ ధరలో గది ఖర్చు సగమే ఉంటుంది. రెండో సగం పంచుకునే మనిషి లేనప్పుడు దాన్ని సింగిల్ సప్లిమెంట్‌గా వేస్తారు. అది కొటేషన్‌లో విడిగా, "అదనం" అనే మాటతో ఉంది కాబట్టి ప్యాకేజీ ధరలో భాగమని చెప్పలేం. దాని మీద 10 శాతం, అంటే ఆ 600, అడిగితే నిలబడే వాదనకు నిలబడనిదాన్ని కలిపినట్లవుతుంది. (ఆమె గదిలోకి తర్వాత ఇంకెవరినైనా పంపితే మాత్రం ఆ 6,000 వెనక్కి అడగండి.)

అంటే సరైన బిల్లు ఇలా ఉండాలి: గది పంచుకున్న 8 మంది పెద్దలకు 18,000 చొప్పున 1,44,000, మీ పెద్దమ్మకు 18,000తోపాటు గది అదనం 6,000 కలిపి 24,000, పిల్లలకు 10,800 చొప్పున 21,600. మొత్తం 1,89,600. మీలో మీరు డబ్బు పంచుకునేటప్పుడు కూడా ఇదే పద్ధతిలో పంచుకోండి. 11తో భాగిస్తే పిల్లలున్న ఇంటివాళ్లు గది అదనాన్ని మోయాల్సి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. కోపంతో మిగతా డబ్బు ఆపకండి. గడువు దాటితే క్యాన్సిలేషన్ షరతు కింద అడ్వాన్స్‌కే ఎసరు రావచ్చు. ముందు పై లెక్కతో మెయిల్ పంపి, జవాబుకు వారం గడువివ్వండి. ఒప్పుకోకపోతే బ్యాంకు ద్వారా మాత్రమే మొత్తం కట్టి, అదే రోజు ఇలా రాయండి: "ప్రయాణం ఆగిపోకూడదని మాత్రమే మీరు అడిగిన మొత్తం కడుతున్నాం. కొటేషన్ ప్రకారం రావాల్సిన గ్రూప్ డిస్కౌంట్ రూ.20,400పై మా హక్కు వదులుకోవడం లేదు." ఈ రెండు వాక్యాలు లేకపోతే, "ఒప్పుకునే కట్టారు" అని తర్వాత అంటారు.

తర్వాత 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలుతుంటాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(6) సెక్షన్ ప్రకారం, ఇద్దరూ ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ వసూలు చేయడం ఫిర్యాదుకు తగిన కారణమే. టూర్ కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. సేవకు కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ఇంకొక్క విషయం. మీరిప్పుడు 11 మంది కాబట్టి ఒకరు మానేసినా 10 నిలుస్తుంది. ఇద్దరు మానేస్తే 9కి పడిపోయి, డిస్కౌంట్ లేదనడానికి వాళ్లకు ఈసారి నిజంగానే కారణం దొరుకుతుంది. ఎవరైనా రాలేమంటే, బయలుదేరే ముందే వాళ్ల బదులు మరొకరి పేరు చేర్చవచ్చేమో రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.