రాజీనామా చేస్తున్న రిపోర్టర్ సోర్సుల పేర్లు ఆఫీసుకు ఇచ్చి వెళ్లాలా?

ప్రశ్న: విజయవాడలో ఒక దినపత్రికలో స్టాఫ్ రిపోర్టర్‌ని. ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రచార విభాగంలో ఉద్యోగం వచ్చింది. సగంలో ఉన్న కథనాలు, సోర్సుల గురించి రాజీనామా లేఖలో ఏం రాయాలి?

లేఖ ఒక పేజీ దాటనివ్వకండి. రాజీనామా చేస్తున్నట్టు, చివరి పనిరోజు, కథనాల వివరాలు విడిగా ఇస్తున్నట్టు, కొత్త ఉద్యోగం ఎక్కడో. అంతే. ఎడిటర్ మీద కోపం ఉంటే ఇంటి దగ్గర చూపించుకోండి. లేఖ హెచ్‌ఆర్ ఫైల్లోకి పోతుంది, దాన్ని ఎవరెవరు చదువుతారో మనకు తెలీదు. అందుకే సోర్సు నీడ కూడా అందులో పడకూడదంటాను.

నేను గుంటూరు బ్యూరోలో మానేసినప్పుడు మిర్చి యార్డు కథనం ఒకటి సగంలో ఉంది. కాటా దగ్గర టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంత అని తరుగు తీసి, రైతుకిచ్చే చీటీలో ఆ సంగతి కనబడకుండా చేస్తున్నారని ఆరోపణ. చెప్పింది అక్కడే పనిచేసే ఒకాయన. (గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.) హెచ్‌ఆర్ వాళ్లు పంపిన అప్పగింత పట్టికలో ‘సోర్సు పేరు, ఫోన్ నంబరు’ అని రెండు గడులు! జీతాల లెక్కలు చూసే అబ్బాయికి కూడా తెరుచుకునే షీట్ అది. ఆ రెండు గడుల్లో ‘బ్యూరో ఇన్‌ఛార్జికి నోటిమాటగా’ అని రాసి పంపాను. రెండుసార్లు వెనక్కి వచ్చింది, రెండుసార్లూ అదే రాశాను.

అసలు పని వేరే నోట్‌లో జరిగింది. ఏది రుజువైంది, ఏది కాలేదు, ఎవరి వివరణ ఇంకా తీసుకోలేదు అని కథనం స్థితి మాత్రమే రాశాను. ఆయనిచ్చిన చీటీల ఫొటోలు అందులో పెట్టలేదు. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత పెట్టే అలవాటు ఆయనది. యార్డులో ఆ రాత చూసినవాడెవడైనా ఇట్టే పోల్చుకుంటాడు. అందుకని అంకెలు టైపు చేసిచ్చి, అసలు ఫొటోలు ఇన్‌ఛార్జికి నా ఫోన్లోనే చూపించాను. తర్వాత ఆ సోర్సునే అడిగాను, “నా తర్వాత వచ్చే కుర్రాడితో మాట్లాడతారా?” అని. “మీరున్నారని చెప్పాను సార్, ఇంకొకరైతే నాకు టెన్షన్” అన్నారు. సరేనని ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. రైతుల వైపు నుంచి కథనం మళ్లీ కట్టుకోమని కొత్త రిపోర్టర్‌కి చెప్పాను. ఆలస్యమవుతుందని ఇన్‌ఛార్జి సణిగారు, సణగనివ్వండి.

చట్టం కాపాడుతుందిలే అనుకోకండి. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) సెక్షన్ సోర్సు చెప్పమని విలేకరిని బలవంతపెట్టకూడదంటుంది. కానీ అది కౌన్సిల్ విచారణ వరకే, కోర్టు అడిగితే ఆ సెక్షన్ అడ్డు రాదు. కాగితం మీద లేని పేరును ఎవరూ ఫైల్లోంచి లాగలేరు.

అందరూ మరిచిపోయేది ఆర్టీఐ. మార్కెట్ కమిటీకి నేను పెట్టిన దరఖాస్తు నా పేరు మీద, నా ఇంటి చిరునామాతో ఉంది. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన జవాబు సరిగా లేకపోతే మొదటి అప్పీలుకు మరో 30 రోజులు, అదీ దరఖాస్తుదారే వేయాలి. మానేసిన నెలకు జవాబు మీ ఇంటికొస్తుంది, బ్యూరోలో ఎవరికీ తెలీదు. కాబట్టి దరఖాస్తు పెట్టిన తేదీ, గడువు తేదీ నోట్‌లో రాసి, కొత్త రిపోర్టర్ చేత అతని పేరుతో అదే దరఖాస్తు మళ్లీ పెట్టించండి.

ఇక మీ ఆసుపత్రి సంగతి. ఆఫర్ చేతికొచ్చిన రోజు కాదు, మాటలు మొదలైన రోజు నుంచే లెక్క. లేఖలో సూటిగా ఇలా రాయండి: ‘ఫలానా తేదీ నుంచి ఈ సంస్థతో ఉద్యోగ చర్చల్లో ఉన్నాను. నోటీసు కాలంలో ఆ సంస్థ గురించి గానీ దాని పోటీ ఆసుపత్రుల గురించి గానీ రాయను. ఇక్కడ సేకరించిన, ప్రచురించని సమాచారాన్ని అక్కడ వాడను.’ పోటీ ఆసుపత్రుల మాట తప్పకుండా ఉండాలి. వాటి మీద మీ దగ్గర సగం కథనం ఏదైనా ఉంటే, మీ కొత్త ఆసుపత్రి మీకు జీతమిచ్చేది దానికోసమేనని రేపు ఎవరైనా అంటారు. చర్చలు మొదలయ్యాక అచ్చయిన ఆరోగ్య వార్తలు మీ బైలైన్‌తో ఉంటే, వాటి జాబితా కూడా ఎడిటర్‌కే ఇచ్చేయండి.

అక్రిడిటేషన్ కార్డు, ఆఫీసు సిమ్ తిరిగిచ్చి రసీదు తీసుకోండి. ఆ సిమ్ మీద వాట్సాప్ ఉంటే, ఆ నంబరు ఇక మీది కాదని సోర్సులకు చెప్పి ఖాతా డిలీట్ చేయండి, లేకపోతే సోర్సులు మీరే అనుకుని కొత్తవాడికి మెసేజ్‌లు పెడతారు.

మనకైనా లేఖ రాసే భాగ్యం ఉంది. సొంత ఫోన్, సొంత బండి, సొంత పెట్రోలుతో తిరిగే మండల కంట్రిబ్యూటర్‌కి అదీ లేదు. సోర్సులన్నీ అతని ఫోన్లోనే ఉంటాయి. ఒకరోజు వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు, అదే అతని రిలీవింగ్ లెటర్.