ఓడకి కుడి ఎడమలు: ఒక కొత్త కథకుడికి ఉత్తరం

శ్రీకాకుళం

తమ్ముడూ,

కళింగపట్నం రేవు మీద నువ్వు రాసిన కథ చదివాను. 1905 నాటి సరుకు ఓడ, తీరానికి దూరంగా లంగరు వేయడం, సరుకు పడవల్లో ఒడ్డుకి చేరడం బాగా కుదిరాయి. చిక్కల్లా కెప్టెన్ నోట పెట్టిన మాటతోనే. అతను "కుడికి తిప్పు" అని అరిచాడని రాశావు. ఎవరి కుడి?

ఓడ నుంచి దించిన చిన్న పడవనే తీసుకో. తెడ్లు వేసేవాళ్లు పడవ ముక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. వెనక చుక్కాని పట్టినవాడు ముందుకి చూస్తుంటాడు. అతని కుడి చేతి వైపు వీళ్లకి ఎడమ చేతి వైపు అవుతుంది. "కుడి" అని కేక వేస్తే సగం మంది ఒక పక్క, సగం మంది రెండో పక్క లాగుతారు. కెరటం మీద ఆ ఒక్క క్షణం చాలు, పడవ అడ్డం తిరగడానికి. అందుకే నావికులు మనిషి చేతుల్ని వదిలేసి ఓడకే రెండు పక్కలు పెట్టుకున్నారు. ఓడ ముక్కు వైపు చూస్తూ నిలబడితే కుడి పక్క స్టార్‌బోర్డ్, ఎడమ పక్క పోర్ట్. నువ్వు ఎటు తిరిగి నిలబడినా అవి మారవు.

ఇది మన రైతుకి కొత్త సంగతి కాదు. నాగలికి కట్టిన జతలో దాపటెద్దు, వలపటెద్దు అంటాం కదా. ఎదురుగా నిలబడి చూసినంత మాత్రాన దాపటెద్దు వలపటెద్దు అయిపోదు. పాఠకుడికి విషయం చెప్పాల్సివస్తే ఈ పోలిక చాలు, అడుగున వివరణలు రాయకు.

స్టార్‌బోర్డ్‌లో నక్షత్రమేమీ లేదు. పాత ఇంగ్లీషులో అది స్టేయోర్‌బోర్డ్, అంటే ఓడని నడిపే పక్క. వెనక మధ్యలో చుక్కాని బిగించడం రాకముందు, ఉత్తర యూరప్ ఓడలకి వెనక భాగంలో కుడి పక్కన పెద్ద తెడ్డు కట్టేవారు. ఎక్కువమందిది కుడిచేతి వాటం కాబట్టి ఆ పక్క. రేవులో కుడి పక్కని గట్టుకి ఆనిస్తే ఆ తెడ్డు నలిగిపోతుంది. అందుకని ఎడమ పక్కని ఆనించి సరుకు ఎక్కించేవారు. ఆ ఎక్కించే పక్కకి వచ్చిన పేరే లార్‌బోర్డ్‌గా మారింది. స్టార్‌బోర్డ్, లార్‌బోర్డ్ అని గాలిలో అరిచి చూడు, చివర ఒకేలా వినిపిస్తుంది. ఆ పొరపాటు తగ్గించడానికే లార్‌బోర్డ్ తీసేసి పోర్ట్ వాడాలని బ్రిటిష్ నౌకాదళం 1844లో, అమెరికా నౌకాదళం 1846లో ఆదేశించాయి. రేవు వైపు ఉండే పక్క కనక పోర్ట్. నీ కథ 1905 నాటిది, పోర్ట్ సరిపోతుంది. అదే 1800 నాటి ఓడైతే లార్‌బోర్డ్ అని రాయాలి.

ఇప్పుడు అసలు ఉచ్చు. కెప్టెన్‌తో "స్టార్‌బోర్డ్" అనిపించి ఓడని కుడికి తిప్పావో, తెలిసినవాళ్లు అక్కడే పుస్తకం మూసేస్తారు. ఆ రోజుల్లో ఆ ఆదేశం ఓడకి కాదు, చుక్కాని పిడికి. పిడిని కుడికి తోస్తే చుక్కాని రెక్క ఎడమకి వెళ్తుంది, ఓడ ముక్కూ ఎడమకే తిరుగుతుంది. చక్రం వచ్చాక కూడా ఆ పాత మాటే చాలాకాలం నిలిచింది. 1912లో టైటానిక్ మీద మంచుకొండ కనబడగానే అధికారి ఇచ్చిన ఆజ్ఞ "హార్డ్ ఎ స్టార్‌బోర్డ్". ఓడ ఎడమకి తిరిగింది, కుడి పక్క మంచుకి ఒరుసుకుంది. మాట ఎటో ఓడా అటే తిరగాలని 1929 అంతర్జాతీయ ఒప్పందంలో రాసుకున్నారు, 1930ల్లో అమల్లోకి వచ్చింది. కాబట్టి నీ కెప్టెన్ ఓడని కుడికి తిప్పాలంటే "పోర్ట్" అని అరవాలి. ఆ పక్కనే "ఓడ ముక్కు కుడికి తిరిగింది" అని ఒక్క వాక్యం వెయ్యి, చదివేవాడు తడబడడు.

రాత్రి దృశ్యంలో దీపాలూ సరిచూసుకో. పోర్ట్ పక్క ఎరుపు, స్టార్‌బోర్డ్ పక్క ఆకుపచ్చ. ఒక్కొక్కటి తిన్నగా ముందు నుంచి పక్క దాటి కాస్త వెనక వరకు, 112.5 డిగ్రీల మేర కనిపిస్తుంది. నీ నాయిక కళింగపట్నం ఒడ్డున సంద్రం వైపు చూస్తూ నిలబడింది. తీరం వెంబడి విశాఖ వైపు పోయే ఓడ ఆమెకి కుడి పక్కకి సాగుతుంది, కాబట్టి కనిపించేది స్టార్‌బోర్డ్, ఆకుపచ్చ దీపం. కలకత్తా వైపు పోయేదైతే ఎరుపు. రెండు రంగులూ ఒకేసారి కనిపిస్తే ఓడ తిన్నగా ఆమె మీదికే వస్తున్నట్టు. నువ్వు విశాఖ వెళ్లే ఓడకి ఎర్రదీపం పెట్టావు. ఆ రంగు మార్చు, లేదా ఓడని కలకత్తాకి పంపు. కథకి రెండోదే నయం, ఆమె ఎదురుచూసేవాడు వెళ్లింది అటే కదా.

నీ అన్నయ్య