ఇంటి షాపులో చేసిన పనికి ప్రొఫైల్‌లో ఏ పేరు పెట్టాలి?

"మా నాన్నగారి హోల్‌సేల్ షాపులో 6 ఏళ్లు అన్నీ నేనే చూసుకున్నా. హోదా లేదు, జీతం స్లిప్పు లేదు. బయట ఉద్యోగాలకు ప్రొఫైల్‌లో ఏమని రాయాలి?"

నాదీ ఇదే పరిస్థితి. మాది ఒడిశాలోని రాయగడ. కిరాణా హోల్‌సేల్, సరుకు ఎక్కువగా విజయనగరం నుంచి వచ్చేది. నేను మొదట 'డైరెక్టర్' అని పెట్టుకున్నాను. విశాఖలో ఒక ఇంటర్వ్యూలో "మీది ప్రైవేట్ లిమిటెడా?" అని అడిగారు. మాది నాన్న పేరు మీదున్న ప్రొప్రయిటర్‌షిప్, అందులో డైరెక్టర్ అనే పదవే ఉండదు. ఆ తర్వాత నేను నిజంగా చేసిన పనులు చెప్పినా అనుమానంగానే విన్నారు.

హోదా దగ్గర చేసిన పని పేరే పెట్టండి. నేను 'కొనుగోళ్లు, వసూళ్లు – కుటుంబ హోల్‌సేల్ వ్యాపారం' అని మార్చాను. పార్ట్‌నర్ అని రాయాలంటే పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో మీ పేరు ఉండాలి.

'అన్నీ చూసుకున్నా' అనే మాట తీసేయండి, బయటివాళ్లకు అందులో ఏమీ కనబడదు. నేను పాత ఖాతా పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. గుణుపూర్, మునిగుడ లైన్లలో 42 షాపులకు అరువు ఇచ్చేవాళ్లం, వాటిలో 17 షాపుల బాకీ 2 నెలలు దాటిపోయి ఉండేది. నేను ఒక్కో లైనుకు వారంలో ఒక రోజు ఖాయం చేసి, పాత బిల్లులో సగం కడితేనే కొత్త సరుకు దించుతామని చెప్పాను. ఏడాదికి ఆ 17 కాస్తా 6 అయ్యాయి. 3 షాపులు మమ్మల్ని వదిలేశాయి కూడా, ఇంటర్వ్యూలో అడిగినప్పుడు ఆ సంగతీ దాచలేదు. ప్రొఫైల్‌లో మాత్రం ఇంతే రాశాను: "42 షాపుల అరువు ఖాతాలు నిర్వహించాను, 60 రోజులు దాటిన బాకీలున్న షాపులను ఏడాదిలో 17 నుంచి 6కి తగ్గించాను." తర్వాతి ఇంటర్వ్యూలో సగం సేపు దీని మీదే మాట్లాడారు. మనలా సరిహద్దు దాటి సరుకు తెచ్చేవాళ్లు ఈ-వే బిల్లులు, జీఎస్టీ లెక్కలు ఎవరు చూశారో కూడా రాయాలి, కంపెనీల్లో అది విడిగా ఒక ఉద్యోగం.

అసలు టెన్షన్ వెరిఫికేషన్ దగ్గర. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఫారంలో జీతం స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అడుగుతారు. పాత తేదీలతో స్లిప్పులు తయారు చేయించమని ఎవరైనా సలహా ఇస్తారు, ఆ పని మాత్రం చేయకండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చితే దొరికిపోతుంది. ఫారం నింపేముందే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టి ఇది కుటుంబ వ్యాపారమని, జీతంగా డబ్బు తీసుకోలేదని చెప్పి, షాపు జీఎస్టీ నంబర్ ఇవ్వండి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే షాపు పేరు, రిజిస్ట్రేషన్ తేదీ ఎవరికైనా కనబడతాయి. అయితే దాంతో షాపు ఉందని తేలుతుంది గానీ మీరు అక్కడ పని చేశారని తేలదు. అది చెప్పాల్సింది మనుషులు, వాళ్లు మీ ఇంటిపేరు వాళ్లు కాకూడదు. నేను మా ఆడిటర్ గారి నంబర్, మాకు నూనె సరఫరా చేసే కంపెనీ సేల్స్ ఆయన నంబర్ ఇచ్చాను. సేల్స్ ఆయనకే ఫోన్ చేశారు, 4 ఏళ్లుగా ఆర్డర్లు ఎవరు పెడుతున్నారు, చెక్కులు సమయానికి వచ్చేవా అని అడిగారట. ముందే ఆయనకు ఫోన్ చేసి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాశానో చెప్పి ఉంచాను కాబట్టి ఇద్దరి మాటా ఒకటే వచ్చింది.